పారలెల్ బ్యాటరీలు: ఓల్టేజ్ ఒక్కటే అయినా కరెంటు వాటాలు ఎందుకు మారతాయి, కేబుల్ పొడవు ఏం చేస్తుంది

నాలుగు 12 ఓల్టుల బ్యాటరీలు పక్కపక్కన పెట్టి, ప్లస్‌లన్నీ పొట్టి కేబుళ్లతో ఒకదానికొకటి, మైనస్‌లన్నీ అలాగే కలిపేసి, ఇన్వర్టర్ నుంచి వచ్చే రెండు లావు వైర్లను మొదటి బ్యాటరీకి బిగించేయడం మామూలుగా ఎక్కువమంది చేసే పని. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, కేబుల్ కూడా తక్కువ పడుతుంది. మల్టీమీటర్ పెడితే నాలుగింటి మీదా ఒకే ఓల్టేజ్ కనిపిస్తుంది కాబట్టి, పని కూడా నాలుగూ సమానంగా పంచుకుంటున్నాయనే అనుకుంటాం.

పంచుకోవు. మీటర్‌లో ఒకే ఓల్టేజ్ కనిపించిందంటే లోడ్ లేనప్పుడు చూశారన్నమాట, లేదంటే మీటర్ చూపించే మొదటి దశాంశం దగ్గర ఆగిపోయారన్నమాట. అసలు తేడా అంతా మిల్లీఓల్టుల్లో ఉంటుంది, ఆ మిల్లీఓల్టులే పదుల ఆంపియర్లను అటూ ఇటూ తిప్పుతాయి.

ఎందుకంటే మంచి బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ చాలా చిన్నది. 12 ఓల్టులు, 100 ఆంపియర్ అవర్ ఉన్న మంచి కండిషన్‌లోని ఏజీఎం అనే సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి సుమారుగా 4 మిల్లీఓమ్‌లు అనుకోండి. బయట 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ మీటరుకి అర మిల్లీఓమ్ ఉంటుంది. 30 సెంటీమీటర్ల లింకు అంటే 0.15, దాని రెండు చివర్ల బోల్టు ఎక్కించే లగ్గులు, బోల్టు కాంటాక్టులు కలిపి ఇంకో 0.1 వేసుకుందాం, మొత్తం 0.25. ప్లస్ వైపు ఒకటి, మైనస్ వైపు ఒకటి ఉంటాయి కాబట్టి ఒక బ్యాటరీ నుంచి పక్క బ్యాటరీకి వెళ్లే ప్రతి మెట్టుకీ 0.5 మిల్లీఓమ్. విడిగా చూస్తే ఇది లెక్కలోకి రాని అంకె. కానీ బ్యాటరీ లోపల ఉన్నది 4 మాత్రమే కదా, దానిలో ఇది ఎనిమిదో వంతు, ఇక్కడే వ్యవహారం చెడుతుంది.

లెక్క చివరి నుంచి మొదలుపెడితే సులువు. ఇన్వర్టర్ వైర్లకి అన్నిటికంటే దూరంగా ఉన్న నాలుగో బ్యాటరీ 1 వంతు కరెంటు ఇస్తోందనుకోండి. ఆ కరెంటు మూడో బ్యాటరీ దాకా రావడానికి ఒక మెట్టు దాటాలి, దాటేటప్పుడు కొంచెం ఓల్టేజ్ పోతుంది, అంటే మూడో బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఓల్టేజ్ అంతమేర తక్కువ ఉంటుంది. ఓల్టేజ్ తక్కువ ఉన్న చోట బ్యాటరీ ఎక్కువ కరెంటు ఇస్తుంది, ఎనిమిదో వంతు ఎక్కువ, అంటే 1.125. ఇప్పుడు తర్వాతి మెట్టు మీద రెండు బ్యాటరీల కరెంటు కలిసి 2.125 వస్తోంది, డ్రాప్ ఇంకా పెరిగింది, అందుకే రెండో బ్యాటరీ 1.39 ఇవ్వాలి. మొదటి బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి మూడింటి కరెంటూ కలిసి ఆఖరి మెట్టు దాటుతుంది కాబట్టి దాని వాటా 1.83. మొత్తం లోడ్ 100 ఆంపియర్లయితే వాటాలు వరసగా 34, 26, 21, 19 ఆంపియర్లు.

మొదటి బ్యాటరీ చివరి దానికి దాదాపు రెట్టింపు లాగుతోంది. బ్యాటరీలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, లోపల పుట్టే వేడి మాత్రం మూడు రెట్ల పైనే. నాలుగూ ఒకే రోజు కొన్నవి, ఒకే బ్యాచ్‌వి, లోపమేమీ లేనివి. తేడా అంతా అవి నిలబడ్డ చోటులోనే ఉంది.

దీనికి చాలామంది వెంటనే చెప్పే మందు కేబుల్ లావు పెంచమని. సరే, 35 బదులు 70 వేద్దాం. రాగి రెసిస్టెన్స్ సగమవుతుంది గానీ లగ్గులు, బోల్టుల దగ్గర ఉన్న 0.1 అలాగే ఉంటుంది. మళ్లీ లెక్క వేస్తే మొదటి బ్యాటరీ 32, చివరిది 20. రాగి ఖర్చు రెట్టింపు, ఫలితం రెండు ఆంపియర్లు. లావు కేబుల్ వేయడం తప్పేం కాదు, వేడెక్కకుండా ఉండటానికి అది కావాలి, కానీ ఈ జబ్బుకి అది మందు కాదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మొదటి బ్యాటరీ ఎక్కువ ఇస్తే అది ముందు దిగిపోతుంది, దిగితే దాని ఓల్టేజ్ తగ్గుతుంది, అప్పుడు మిగతావి భారం ఎత్తుకుంటాయి కదా, అంటే దానంతటదే సర్దుకుంటుంది కదా అని. నిజమే, కొంతవరకు సర్దుకుంటుంది. ఎంతవరకు అన్నది బ్యాటరీ రకాన్ని బట్టి ఉంటుంది, దీన్ని కొంచెం నిదానంగా చూడాలి.

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు లోడ్ లేని ఓల్టేజ్ సుమారు 12.7, ఖాళీ అయ్యేసరికి 11.9 దగ్గర. అంటే ఒక్కో శాతం చార్జ్‌కి సుమారు 8 మిల్లీఓల్టులు. మన నాలుగు బ్యాటరీల వరసలో అందరూ సమానంగా 25 ఆంపియర్లు ఇచ్చే పరిస్థితి రావాలంటే మూడు మెట్ల మీద పోయే ఓల్టేజ్, అంటే 12.5, 25, 37.5 కలిపి 75 మిల్లీఓల్టులు, మొదటి బ్యాటరీకీ చివరి బ్యాటరీకీ మధ్య ఉండాలి. 75ని 8తో భాగిస్తే 9 శాతం. కాబట్టి మొదటిది చివరిదానికంటే 9 శాతం ఎక్కువ దిగాక వాటాలు సమానమవుతాయి. పెద్ద లోడ్ ఆగకుండా నడిస్తే గంటలోపే దానికి దగ్గరగా వచ్చేస్తుంది. అందుకే నిదానమైన లోడ్ మీద గంటల తరబడి నడిచే లెడ్ యాసిడ్ బ్యాంకుల్లో ఈ వైరింగ్ తప్పు చాలాకాలం బయటపడదు. కానీ లోడ్ పది నిమిషాలు భారీగా నడిచి ఆగిపోయే రకమైతే సర్దుకునే టైమ్ దానికి ఎప్పుడూ దొరకదు, ప్రతిసారీ మొదటి బ్యాటరీయే ఆ దెబ్బ తింటుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో కథ వేరు. దాని ఓల్టేజ్ గీత మధ్యలో దాదాపు చదునుగా ఉంటుంది. 12 ఓల్టుల ప్యాక్‌లో 70 శాతం నుంచి 40 శాతానికి దిగినా మారేది సుమారు 0.1 ఓల్ట్ మాత్రమే. అదే 75 మిల్లీఓల్టుల తేడా రావాలంటే ఇక్కడ 20 శాతం పైగా చార్జ్ తేడా ఉండాలి. అంటే మొదటి బ్యాటరీ చాలాసేపు ఎక్కువ లాగుతూనే ఉంటుంది, అది అడుగుకి చేరి ఓల్టేజ్ ఒక్కసారి పడిపోవడం మొదలయ్యాక పని మొత్తం ఆలస్యంగా చివరివాటి మీద పడుతుంది. రోజుకోసారి నిండి ఖాళీ అయ్యే బ్యాంకులో ఇదే వరస ప్రతిరోజూ నడుస్తుంది.

చార్జింగ్‌లోనూ ఇదే వాటా, దిశ మాత్రం తిరుగుతుంది. మొదటి బ్యాటరీకి ముందు ఎక్కుతుంది, చివరిదానికి ఆలస్యంగా. చార్జర్ చివరి దశలో కరెంటు తగ్గేదాకా ఓపిగ్గా ఉంటే డ్రాప్‌లు కూడా తగ్గి అన్నీ నిండుతాయి. కానీ చార్జర్ టైమర్ ప్రకారం ఫ్లోట్ అనే తక్కువ ఓల్టేజ్ దశలోకి వెళ్లిపోయినా, సోలార్ మీద నడిచేదై సాయంత్రం ఎండ తగ్గిపోయినా, చివరి బ్యాటరీ పూర్తిగా నిండకుండానే మిగిలిపోతుంది. లెడ్ యాసిడ్‌కి అలా నిండకుండా ఉండిపోవడం ప్రమాదం, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. కాబట్టి ఒకే బ్యాంకులో మొదటిది ఎక్కువ వాడకం వల్ల, చివరిది తక్కువ చార్జ్ వల్ల, రెండూ వేర్వేరు కారణాలతో పాడవడం జరుగుతుంది. అప్పుడు జనం బ్యాటరీ కంపెనీని తిడతారు.

లిథియంలో ఇంకో చిక్కు ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ప్రతి బ్యాటరీలో ఉండే బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్‌కి ఒక కరెంటు పరిమితి ఉంటుంది, 100 ఆంపియర్లు అనుకుందాం. నాలుగు ఉన్నాయి కాబట్టి 400 ఆంపియర్లు లాగొచ్చు అని కాగితం మీద లెక్క. ప్యాక్ లోపలి రెసిస్టెన్స్ పై లెక్కలోలాగే ఉంటే మొదటి బ్యాటరీ వాటా 34 శాతం, అంటే మొత్తం లోడ్ 292 ఆంపియర్లు దాటగానే దాని బీఎంఎస్ కట్ చేస్తుంది. ఇప్పుడు అదే 292 మూడు బ్యాటరీల మీద పడింది, అందులో రెండోది దాదాపు 40 శాతం మోయాలి, అంటే 116 ఆంపియర్లు. కొన్ని సెకన్లలో అదీ కట్. మిగిలిన రెండింటి పని చెప్పక్కర్లేదు. ఇన్వర్టర్ ఒక్కసారిగా ఆగిపోతుంది, వెళ్లి చూస్తే నాలుగు బ్యాటరీల్లోనూ చార్జ్ ఉంటుంది, ఓల్టేజ్ బాగానే ఉంటుంది, ఏం జరిగిందో అర్థం కాదు. మోటారు స్టార్ట్ అయినప్పుడే బ్యాంకు పడిపోతోందంటే మొదట అనుమానించాల్సింది ఈ వాటాలనే.

ఖర్చు లేకుండా చేయగల మార్పు ఒకటుంది. ఇన్వర్టర్ ప్లస్ వైరును మొదటి బ్యాటరీకే ఉంచి, మైనస్ వైరును తీసి చివరి బ్యాటరీకి మార్చడం. ఇప్పుడు ఏ బ్యాటరీ నుంచి చూసినా ప్లస్ వైపు దగ్గరైతే మైనస్ వైపు దూరం, అటు ఎక్కువైతే ఇటు తక్కువ. అవే లింకులతో లెక్క వేస్తే బయటి రెండూ 26.5 ఆంపియర్లు, మధ్య రెండూ 23.5. పూర్తిగా సమానం కాదు, ఎందుకంటే లింకులన్నిటి మీదా ఒకే కరెంటు పారదు, కానీ 34కీ 19కీ ఉన్న తేడాతో పోలిస్తే చాలా నయం. రెండు బ్యాటరీలే ఉంటే ఇలా ఎదురెదురు మూలల నుంచి తీస్తే పూర్తి సమానమే వస్తుంది, ఇంకేం చేయక్కర్లేదు. మూడు, నాలుగు దాటితే, ముఖ్యంగా లిథియం అయితే, దీంతో ఆగకపోవడం మంచిది.

నాలుగింటికి సరైన పద్ధతి బస్‌బార్, అంటే కేబుళ్లన్నీ వచ్చి కలిసే లోహపు పట్టీ. బ్యాటరీకి బ్యాటరీకి మధ్య లింకులు అసలు ఉండవు. ప్రతి బ్యాటరీ ప్లస్ నుంచి విడిగా ఒక కేబుల్ ప్లస్ బస్‌బార్‌కి, మైనస్ నుంచి విడిగా ఒకటి మైనస్ బస్‌బార్‌కి వెళ్తాయి, కేబుళ్లన్నీ ఒకే పొడవు, ఒకే లావు, ఒకే రకం లగ్గులు. అన్నిటికంటే దూరంగా ఉన్న బ్యాటరీకి ఎంత కావాలో అంత కొలిచి, మిగతావన్నీ అదే కొలతకి కత్తిరించాలి. బస్‌బార్ పక్కనే ఉన్న బ్యాటరీకి జానెడు కేబుల్ సరిపోతుందని తెలిసినా సరే, మిగిలిన పొడవును వదులుగా వంపు తిప్పి కట్టేయాలి. ఇక్కడే చేతులు ఆగవు, అంత పొడవు ఎందుకు వేస్ట్ అని కత్తిరించేస్తారు.

లెక్కలో పొడవు అంటే ప్లస్, మైనస్ రెండూ కలిపిన మొత్తం. ప్లస్ కేబుల్, మైనస్ కేబుల్ ఒకదానితో ఒకటి సమానంగా ఉండాలని లేదు. ప్లస్‌లన్నీ 60 సెంటీమీటర్లు, మైనస్‌లన్నీ 40 అయినా బాగుంటుంది. ఒక బ్యాటరీకి 30, 70, ఇంకోదానికి 70, 30 అయినా పర్వాలేదు, మొత్తం 100 వస్తోంది కదా. ప్లస్ బస్‌బార్ ఒక పక్క, మైనస్ బస్‌బార్ ఇంకో పక్క పెట్టుకుంటే చాలా చోట్ల ఇలాగే సహజంగా సరిపోతుంది, వంపులు తిప్పే పని ఉండదు. బస్‌బార్ నుంచి ఇన్వర్టర్‌కి వెళ్లే మెయిన్ కేబుల్ ఎంత పొడవున్నా ఈ వాటాలు మారవు, అది అందరికీ ఉమ్మడి కాబట్టి.

బస్‌బార్ కూడా రాగే కాబట్టి దానికీ రెసిస్టెన్స్ ఉంటుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మందం ఉన్న రాగి పట్టీ 20 సెంటీమీటర్ల ముక్కకి 0.03 మిల్లీఓమ్ కూడా రాదు, అది వదిలేయొచ్చు. పలచటి ఇత్తడి పట్టీ మీద నాలుగు బోల్టులు ఉన్న రకమైతే అది ఇంకో రూపంలో పాత లింకుల వరసే. అనుమానంగా ఉంటే ప్లస్ పట్టీకి మెయిన్ కేబుల్‌ను ఒక చివర, మైనస్ పట్టీకి రెండో చివర బిగించండి.

ప్రతి బ్యాటరీ ప్లస్ దగ్గర ఒక ఫ్యూజ్ పెట్టాలి, నాలుగూ ఒకే మోడల్, ఒకే రేటింగ్. ఒక బ్యాటరీ లోపల షార్ట్ అయితే మిగతా మూడూ కలిసి దానిలోకి వందల, వేల ఆంపియర్లు పంపుతాయి, దాన్ని మెయిన్ ఫ్యూజ్ ఆపలేదు, ఎందుకంటే ఆ కరెంటు మెయిన్ కేబుల్ గుండా వెళ్లదు. ఫ్యూజ్‌కీ సొంత రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి మూడు ఒక రకం, ఒకటి వేరే రకం పెట్టడం అంటే కేబుల్ పొడవులు మార్చడంతో సమానం.

ఇంత చేసినా కేబుల్ సరిచేయలేనిది ఒకటుంది, బ్యాటరీ లోపలి తేడా. పై అమరికలో 50 సెంటీమీటర్ల కేబుళ్లు రెండు, కాంటాక్టులు కలిపి ఒక్కో దారికి 0.7 మిల్లీఓమ్ అనుకుంటే, మంచి బ్యాటరీ దారి మొత్తం 4.7. అందులో ఒక బ్యాటరీ పాతబడి లోపల 4 బదులు 6కి చేరితే దాని దారి 6.7. అప్పుడు అది 19 ఆంపియర్లే ఇస్తుంది, మిగతా మూడూ 27 చొప్పున మోస్తాయి. అందుకే కొత్తవాటితో పాతది కలపొద్దని అంటారు, ముఖ్యంగా లెడ్ యాసిడ్‌లో. పాతది విశ్రాంతి తీసుకుంటుంది, కొత్తవి దాని వంతు కూడా చేసి త్వరగా పాతబడతాయి.

మొదటిసారి కలిపే ముందు ప్రతి బ్యాటరీని విడివిడిగా పూర్తిగా చార్జ్ చేయాలి. రెండు బ్యాటరీల మధ్య అర ఓల్ట్ తేడా ఉండగా కలిపితే, రెండు దారులు కలిపి 9.4 మిల్లీఓమ్ మీద 50 ఆంపియర్ల పైన ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతుంది. లిథియంలో ఓల్టేజ్ సమానంగా ఉంది కదా అని నమ్మడానికి లేదు, ఆ చదును గీత మీద ఒకటి 45 శాతంలో, ఒకటి 65 శాతంలో ఉన్నా మీటర్‌లో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. నిండు చార్జ్ ఒక్కటే నమ్మదగ్గ గుర్తు.

ఇక కొలవడం. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి, ఏసీ మాత్రమే కొలిచేది ఇక్కడ పనికిరాదు. లోడ్ లేనప్పుడు మీటర్‌ను సున్నా చేసుకుని, పెద్ద లోడ్ స్థిరంగా నడుస్తున్నప్పుడు నాలుగు ప్లస్ కేబుళ్ల మీదా వరసగా చూడండి. పాత లింకుల అమరికలో కొలుస్తుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి, లింకు మీద కనిపించేది ఒక బ్యాటరీది కాదు, దాని వెనకున్న అన్నిటిదీ కలిపి. మొత్తం 100, మొదటి లింకు మీద 66 కనిపిస్తే, మొదటి బ్యాటరీ ఇస్తున్నది 34 అని తీసేసుకోవాలి. బస్‌బార్ అమరికలో ఈ గొడవ లేదు, కనిపించిందే దాని వాటా. సగటుకి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే నేనైతే పట్టించుకోను.

క్లాంప్ మీటర్ లేకపోయినా సమాన కేబుళ్లతో ఒక సౌకర్యం ఉంది. ప్రతి కేబుల్ ఒకే రెసిస్టెన్స్ కాబట్టి, దాని మీద పోయే ఓల్టేజే కరెంటుకి కొలత. మామూలు మల్టీమీటర్‌ను 200 మిల్లీఓల్టుల రేంజ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ కేబుల్ ఈ చివర లగ్ గొట్టం మీద, రెండోది ఆ చివర లగ్ గొట్టం మీద ఆనించండి, మధ్యలో ఫ్యూజ్ లేకుండా ఉండే మైనస్ కేబుల్ మీదైతే ఇంకా సులువు. 50 సెంటీమీటర్ల 35 కేబుల్ మీద 25 ఆంపియర్లకి సుమారు 6 మిల్లీఓల్టులు కనిపించాలి. నాలుగూ 6 దగ్గరే ఉంటే పంపకం బాగున్నట్టు. ఒకటి 5కి దిగితే ఆ దారిలో ఏదో అడ్డం ఉంది.

ఆ అడ్డం ఎక్కడుందో కూడా ఇలాగే దొరుకుతుంది. లోడ్ నడుస్తుండగా ఒక ప్రోబ్ బ్యాటరీ టెర్మినల్ లోహం మీద, ఇంకోటి దానికి బిగించిన లగ్ మీద పెట్టండి. సరిగ్గా బిగిసిన కాంటాక్టు మీద ఒకటి రెండు మిల్లీఓల్టులు మించి రాదు. బోల్టు వదులై ఒక మిల్లీఓమ్ చేరితే ఆ ఒక్క చోటే 20 మిల్లీఓల్టుల పైన చూపిస్తుంది. ఒక మిల్లీఓమ్ అంటే రెండు మీటర్ల 35 కేబుల్‌తో సమానం, అంటే సెంటీమీటర్ల లెక్కన కొలిచి కత్తిరించిన శ్రమంతా ఒక వదులు నట్టు దగ్గర పోతుంది. అందుకే టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పినంత బిగించడం, లగ్ నేరుగా టెర్మినల్ లోహానికి ఆనేలా వాషర్‌ను దాని పైన పెట్టడం ముఖ్యం. వాషర్ లగ్ కింద పడితే కరెంటు స్టీలు గుండా వెళ్లాల్సి వస్తుంది, ఇది చాలాచోట్ల కనిపించే తప్పు.

కాంటాక్టులన్నీ బాగున్నా ఒక బ్యాటరీ వాటా తక్కువగానే వస్తుంటే, లోడూ చార్జరూ ఆపి, ఫ్యూజులు తీసి, ఆ బ్యాటరీ కేబుల్ జతను పక్క బ్యాటరీ జతతో మార్చి బిగించి, బ్యాంకును మళ్లీ పూర్తిగా చార్జ్ చేసి కొలవండి. తక్కువ వాటా కేబుల్‌తో పాటు పక్క బ్యాటరీకి వెళ్లిపోతే కేబుల్‌కి లగ్ నొక్కిన క్రింప్‌లో లోపం ఉంది, లగ్ కోసి కొత్తది వేయాలి. పాత చోటే ఉండిపోతే లోపం బ్యాటరీలోనే ఉంది. దాన్ని తీసేసి మూడింటితో నడపడం మంచిది, అయితే బీఎంఎస్ పరిమితిని మూడింటికి తగ్గట్టు మళ్లీ లెక్క వేసుకుని, ఇన్వర్టర్‌లో డిశ్చార్జ్ కరెంటు సెట్టింగ్‌ను అంతమేర తగ్గించాకే.